నల్ల పెచ్చు ఎప్పుడు కనిపించింది?

మెడికల్ కాలేజీలో కేసు లెక్చరు చాలాసార్లు ఒక ఫొటోతో మొదలవుతుంది. తెర మీద చర్మం, దాని మీద సెంటీమీటరు వెడల్పున నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి వలయం. సిగరెట్టు చివరతో అంటించినట్టు ఉంటుంది. ప్రొఫెసర్‌గారు "ఏమిటిది?" అని అడగడమే ఆలస్యం, ముందు బెంచీల్లోంచి నలుగురు ఒక్కసారే "స్క్రబ్ టైఫస్ సార్" అంటారు. అక్కడి నుంచి యాభై నిమిషాల క్లాసు సాఫీగా సాగిపోతుంది.

ఆ సాయంత్రం హాస్టల్లో కూర్చుని విద్యార్థి రాసే సారాంశం ఇలా ఉంటుంది: "42 ఏళ్ల మహిళ. ఎనిమిది రోజులుగా జ్వరం. ఎడమ రొమ్ము కింద ఎస్కార్. స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ ఇచ్చారు, తగ్గింది." ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ దీన్ని చదివిన మరో డాక్టరుకు ఇలాంటి మనిషి రేపు రాత్రి పదకొండింటికి క్యాజువాల్టీకి వస్తే ఏం చేయాలో తెలియదు. ఎందుకంటే ఆ రాత్రి ఆ పెచ్చును ఎవరూ చూడలేదు. ఆమెకే తెలియదు.

ఆ తేడాను కాగితం మీద నిలబెట్టడమే ఈ పనిలో అసలు కష్టం. లెక్చరును హిస్టరీ, పరీక్షలో కనబడినవి, ఆలోచన, ప్లాన్ అనే నాలుగు గదుల్లోకి మార్చాలని అందరూ అంటారు. గదులు గీయడానికి స్కేలు చాలు. లెక్చరులో విన్న ఏ వాక్యం ఏ గదికి చెందుతుంది, ఆ సంగతి ఎప్పటికి తెలిసింది అన్నదే తేల్చుకోవాలి. ఇక్కడ వాడుకునే కేసు ఏ ఒక్క రోగిదీ కాదు. వానలు వెనకబట్టాక రాయలసీమ ఆసుపత్రుల్లో కనబడే జ్వరాల తీరును బట్టి కూర్చింది.

ముందు లెక్చరు ఏ వరసలో నడిచిందో చూద్దాం. ఫొటో అయ్యాక ప్రొఫెసర్‌గారు జబ్బు గురించి చెప్పారు. ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి దీనికి కారణం. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే పురుగుపిల్ల కుట్టినప్పుడు ఒంట్లోకి చేరుతుంది. ఆ పురుగు కంటికి ఆననంత చిన్నది. కుట్టాక జ్వరం రావడానికి ఎక్కువగా పది రోజులు పడుతుంది, ఆరు నుంచి ఇరవై దాకా ఎప్పుడైనా రావచ్చు. కొందరికి చెవులు సరిగా వినబడవు, కొందరికి మెదడు పొరలు వాస్తాయి. పెన్సిలిన్ జాతి మందులు, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటివి దీని మీద పనిచేయవు. తర్వాత ల్యాబు రిపోర్టులు చూపించారు. ఆ తర్వాత, పొద్దున స్పాంజింగ్ చేస్తూ సిస్టర్‌గారు పెచ్చును ఎలా పట్టుకున్నారో చెప్పారు. చివర్లో, బెల్లు కొట్టే ముందు, "అన్నట్టు, ఈమె కొండ అంచు చేలో కలుపు తీయడానికి వెళ్తుంది" అన్నారు.

అంటే హిస్టరీలో మొదట రావాల్సింది లెక్చరులో చివర వచ్చింది. ఉపన్యాసానికి ఆ వరస తప్పు కాదు. కుతూహలం నిలబెట్టడం తెలిసిన టీచరు అలాగే చెబుతారు. కానీ కేసు షీటు మరో వరసలో నడవాలి.

అందుకని నోట్సు రాసుకునేటప్పుడే ప్రతి వాక్యం పక్కన మార్జిన్లో ఒక అక్షరం వేసుకోవడం మంచి అలవాటు. రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ చెప్పింది అయితే "రో". డాక్టరో సిస్టరో కళ్లతో చూసింది, చేత్తో తడిమింది, స్టెతస్కోపుతో విన్నది అయితే "చూ". ల్యాబు, ఎక్స్‌రే చెప్పింది అయితే "ప". ఎవరో అనుకున్నది, ఊహించింది, తేల్చింది అయితే "అ". ఈ రోగికి సంబంధం లేకుండా జబ్బు గురించి మామూలుగా చెప్పిన మాటైతే "పు", అంటే పుస్తకంలోది. మొదటి అక్షరం హిస్టరీకి, తర్వాతి రెండూ పరీక్షలో కనబడినవాటికి, నాలుగోది ఆలోచనకు వెళ్తాయి. "పు" మాత్రం ఈ రోగి మీద నేరుగా ఏ గదిలోనూ కూర్చోకూడదు. ఆలోచనలో ఒక వాదానికి ఆధారంగా మాత్రమే పనికొస్తుంది.

ఈ ఐదో అక్షరం లేకపోతే జరిగేది ఏ కాలేజీలోనైనా చూడొచ్చు. "కొందరికి చెవులు సరిగా వినబడవు" అని ప్రొఫెసర్‌గారు జబ్బు గురించి అన్నారు. పది సారాంశాలు దిద్దితే ఒకటి రెండింటిలో "రోగికి వినికిడి తగ్గింది" అని తేలుతుంది. రాసినవాడు అబద్ధమాడాలని రాయలేదు. క్లాసులో విన్నాడు, అది ఎవరి గురించో వదిలేశాడు. పుస్తకం ఇలా రోగి ఒంట్లోకి కారిపోవడం కేసు సారాంశాల్లో అన్నిటికంటే సాధారణమైన లోపం. దీన్ని పట్టుకోవడం కూడా తేలికే. రోగి లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్న వరసలో, ఒక్కటీ వదలకుండా కనబడితే అనుమానించాలి. నిజమైన మనుషులు అంత పొందికగా జబ్బు పడరు.

దీనికి తోబుట్టువు లాంటి లోపం ఇంకొకటుంది. లెక్చరులో దద్దుర్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. విద్యార్థి "దద్దుర్లు లేవు" అని రాస్తాడు. చూసి లేవని చెప్పడం వేరు, అసలు ఆ మాటే రాకపోవడం వేరు. మొదటిది వైద్యంలో గట్టి సమాచారం, రెండోది ఖాళీ. టెంప్లేటులో ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు ఉండాలి: "లేదు" అని ఒకటి, "చెప్పలేదు" అని ఒకటి. ఈ కేసులో "చెప్పలేదు" కింద పడినవాటిలో ఒకటి చాలా ముఖ్యం. ఆమెకు చివరి నెలసరి ఎప్పుడు వచ్చింది? 42 ఏళ్ల మనిషికి డాక్సీసైక్లిన్ రాసే ముందు అడగాల్సిన ప్రశ్న అది. గర్భిణి అయితే అజిత్రోమైసిన్ వైపు మొగ్గుతారు. వార్డులో అడిగే ఉంటారు, లెక్చరులో రాలేదంతే. అయినా సారాంశంలో ఆ ఖాళీ ఖాళీగానే కనబడాలి.

ఇక హిస్టరీ. ఇక్కడ పెద్ద పని క్యాలెండరుది. రోగులు తేదీలు చెప్పరు. "దసరా అయిన వారానికి పట్టుకుంది", "ఆర్ఎంపీ దగ్గరికి పోయి నాలుగు రోజులైంది" అంటారు. లెక్చరులో ప్రొఫెసర్‌గారు "చేరిన రెండో రోజు" అంటారు. మూడు రకాల లెక్కలు కలిస్తే గందరగోళమే. జ్వరం మొదలైన రోజును 1 అనుకుని, మిగతావన్నీ ఆ లెక్కలోకి మార్చుకోవాలి. ఈమె విషయంలో అలా మారిస్తే వచ్చేది ఇది. జ్వరానికి దాదాపు పన్నెండు రోజుల ముందు కొండ అంచు చేలో పొదలు కొట్టి, కలుపు తీసింది. 1వ రోజు చలితో జ్వరం, విపరీతమైన తలనొప్పి. 4వ రోజు ఊళ్లో ఆర్ఎంపీ సూది వేసి మాత్రలిచ్చాడు. జ్వరం కాసేపు దిగి మళ్లీ వచ్చింది. 5వ రోజు టౌన్లో నర్సింగ్ హోముకు వెళ్తే ప్లేట్‌లెట్లు 94 వేలు ఉన్నాయని, డెంగీ కావచ్చని చెప్పి మూడు రోజులు సెఫ్‌ట్రియాక్సోన్ ఎక్కించారు. తగ్గలేదు. 8వ రోజు సాయంత్రం ఆయాసం మొదలై రాత్రికి పెద్దాసుపత్రికి వచ్చింది.

రోజులు వేయగానే రెండు సంగతులు వాటంతటవే బయటపడతాయి. చేలో పనికీ జ్వరానికీ మధ్య పన్నెండు రోజులు, అంటే స్క్రబ్ టైఫస్ పొదిగే కాలంలోనే ఉంది. "పది రోజులుగా ఇంట్లోనే ఉన్నాను సార్" అన్న రోగి కూడా ఈ లెక్కలోంచి తప్పించుకోలేడు. అందుకే ఇలాంటి జ్వరంలో మూడు వారాల వెనక్కి వెళ్లి అడగాలి. రెండోది, సెఫ్‌ట్రియాక్సోన్ మూడు రోజులు ఎక్కినా జ్వరం కదల్లేదు. హిస్టరీలో అది ఒట్టి సమాచారం. "కాబట్టి ఆ మందుకు లొంగని జబ్బు" అనే మాట అక్కడ రాయకూడదు. అది "అ" అక్షరం, మూడో గదికి పోవాలి.

రోగి మాటను ఒక్కదాన్నయినా రోగి మాటగానే ఉంచడం నాకిష్టం. "ఒళ్లంతా రోకలితో దంచినట్టుంది సార్, కళ్లు తెరిస్తే తల పగిలిపోతాంది" అని ఆమె అంటే, దాన్ని "తీవ్రమైన ఒళ్లునొప్పులు, తలనొప్పి" అని చదును చేసేలోగా వెలుతురు చూడలేకపోతోందన్న సంగతి జారిపోతుంది. మెడ బిగిసిందా అని చూడాల్సిన అవసరం ఆ రెండో ముక్కలోనే ఉంది.

పరీక్షలో కనబడినవి అనే రెండో గదిలో అంకెలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అది సులువనిపిస్తుంది. కానీ అంకె పక్కన వేళ లేకపోతే దానికి విలువ లేదు. ఈ కేసులో డెంగీ ఎన్ఎస్1 పరీక్ష నెగటివ్ అని లెక్చరులో ఒక్క ముక్కలో చెప్పారు. ఎప్పుడు చేశారు? నర్సింగ్ హోములో, 5వ రోజున. ఎన్ఎస్1 జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో బాగా పట్టిస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. 5వ రోజు నెగటివ్‌కు కొంత బరువుంది, అదే 8వ రోజు చేసి ఉంటే ఆ నెగటివ్‌తో డెంగీని కొట్టిపారేయలేం, ఐజీఎం చూడాలి. కాగితం మీద "ఎన్ఎస్1 నెగటివ్" అని మాత్రమే ఉంటే ఈ రెండింటిలో ఏదో తెలియదు.

పెచ్చు విషయంలో వేళతోపాటు చోటు, రూపం, ఎవరు చూశారన్నది కూడా రాయాలి. 8వ రోజు రాత్రి పరీక్షలో లేదు. అంటే, చూసి లేదనలేదు, రొమ్ము కింద ఎత్తి చూడలేదు. 9వ రోజు పొద్దున ఆరున్నరకు జ్వరం దించడానికి తడిగుడ్డతో తుడుస్తున్న సిస్టర్‌గారికి కనిపించింది. "డాక్టర్‌గారూ, ఇది ఒకసారి చూడండి" అని హౌస్ సర్జన్‌ను పిలిచారు. "ఏమ్మా, ఇది ఎప్పటి నుంచి ఉంది?" అంటే రోగి తలవంచి చూసుకుని "నాకు తెల్దమ్మా" అంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర లంగా బొందు కట్టే చోట, రొమ్ము కింద, ఇలా బట్ట బిగిసి ఉండే చోట్లే పురుగు ఆగి కుడుతుంది కాబట్టి అక్కడే దొరుకుతుంది. చెమట నిలిచే చోట నల్లటి పెచ్చు కట్టకుండా, లోతు లేని పుండులా పసుపు రంగు అడుగుతో ఉండొచ్చు. ఫొటోలో చూసిన నల్ల పెచ్చు కోసమే వెతికేవాళ్లు దాన్ని దాటిపోతారు. అందుకని టెంప్లేటులో "ఎస్కార్ ఉంది, లేదు" అనే రెండు గళ్లు పెట్టడం నాకు నచ్చదు. "ఎక్కడెక్కడ వెతికారు" అని గడి పెడితే ఆ గడి నింపడానికైనా వెతుకుతారు.

మూడో గది, ఆలోచన. దీనికి చిన్న చరిత్ర ఉంది. 1900లో హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, లా చదువుతున్న తన రూమ్మేటు కోర్టు కేసుల మీద ఉత్సాహంగా వాదించడం చూశాడు. వైద్యాన్ని కూడా ఉపన్యాసాలతో కాక నిజమైన కేసులతో చెప్పాలని వ్యాసం రాశాడు. అక్కడి రిచర్డ్ క్యాబట్ ఆ పద్ధతిని అందుకుని, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో ఒక ఆచారంగా నిలబెట్టాడు. జవాబు తెలియని డాక్టరు ఒకరు కేసు కాగితం చూసి అందరి ముందూ ఆలోచిస్తారు, ఆ తర్వాతే పెథాలజిస్టు జవాబు బయటపెడతారు. ఆ కేసులు నేటికీ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వస్తున్నాయి. జవాబును చివరిదాకా దాచిపెట్టడం అక్కడ చమత్కారం కోసం కాదు. జవాబు ముందే తెలిస్తే ఆలోచన జరగదు, సమర్థన జరుగుతుంది.

మన కేసులో నిర్ణయం రెండుసార్లు జరిగింది కాబట్టి ఆలోచన గదిని కూడా రెండుగా చీల్చాలి: 8వ రోజు రాత్రి, 9వ రోజు పొద్దున. ప్రతి భాగానికీ ముందు ఒక్క వాక్యం ఉండాలి. రోగిని పట్టించే ఆ ఒక్క వాక్యం రాయగలిగితే సగం పని అయిపోయినట్టే. రాత్రికి ఆ వాక్యం ఇలా ఉంటుంది: "పొలం పని చేసే 42 ఏళ్ల మహిళకు ఎనిమిది రోజులుగా తగ్గని జ్వరం, తలనొప్పి, సెఫ్‌ట్రియాక్సోన్‌కు మార్పు లేదు, ఇప్పుడు ఆయాసం, రెండు ఊపిరితిత్తుల్లో నెమ్ము, ప్లేట్‌లెట్లు తక్కువ, కాలేయం ఎంజైములు ఎక్కువ." ఇందులో జబ్బు పేరు లేదు. అయినా ఈ వాక్యాన్ని రాయలసీమలో పనిచేసిన ఏ ఫిజీషియన్‌కు చూపించినా స్క్రబ్ టైఫస్ పేరు మొదటి మూడింటిలో వస్తుంది.

ఇక పోటీలో ఉన్న జబ్బులు. పది పేర్లు రాయడం కంటే మూడు పేర్లు రాసి ఒక్కోదానికి అనుకూలం, ప్రతికూలం చెప్పడం మేలు. డెంగీకి ప్లేట్‌లెట్ల లెక్క అనుకూలం. కానీ డెంగీ జ్వరం మామూలుగా ఏడు రోజుల్లోపే దిగుతుంది, ఈమెకు 8వ రోజు కూడా 102.8 ఉంది. డెంగీలో తెల్లకణాలు ఎక్కువగా తగ్గుతాయి, ఈమెకు 12,400. న్యుమోనియాకు ఆయాసం, ఎక్స్‌రే అనుకూలం. కానీ మామూలు న్యుమోనియాలో దగ్గు, ఆయాసం మొదట్లోనే రావాలి, ఇక్కడ జ్వరం వారం నడిచాక వచ్చాయి. పైగా అది కాలేయం ఎంజైములనూ ప్లేట్‌లెట్లనూ ఒక్కటిగా వివరించదు. లెప్టోస్పైరోసిస్‌కు పొలం పని అనుకూలం, కామెర్లు లేకపోవడం కొంత ప్రతికూలం. మలేరియాను ఒక్క స్మియర్ నెగటివ్‌తో వదిలేయలేం, మళ్లీ చూడాలి.

రాత్రి డ్యూటీ డాక్టరు "న్యుమోనియా, డెంగీ?" అని రాసి సెఫ్‌ట్రియాక్సోన్ కొనసాగించారు. సారాంశంలో దీన్ని దాచకూడదు, దిద్దకూడదు. దీని మీదే ప్రొఫెసర్‌గారు క్లాసులో పది నిమిషాలు మాట్లాడారు. "మచ్చ కనబడే దాకా ఎందుకాగాలి? ఈ ప్రాంతంలో, ఈ కాలంలో, ఇలాంటి జ్వరానికి డాక్సీ రాత్రే మొదలవ్వాలి" అన్నారు. మన దేశంలో 2015లో వచ్చిన ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే. అనుమానం బలంగా ఉంటే ల్యాబు జవాబు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమంటాయి. ఎస్కార్ చాలామందికి ఉండదు కూడా. ఈ కేసు నుంచి "పెచ్చు ఉంటే స్క్రబ్ టైఫస్" అని మాత్రమే నేర్చుకున్నవాడు పెచ్చు లేని రోగిని పోగొట్టుకుంటాడు.

పొద్దున పెచ్చు దొరికాక తూకం మారింది. డెంగీ గానీ న్యుమోనియా గానీ లెప్టో గానీ పెచ్చును వివరించవు. కానీ ఒక హద్దు ఉంది. టిక్కు పురుగులతో వచ్చే మచ్చల జ్వరాల్లో కూడా ఇలాంటి పెచ్చు రావచ్చు. వాటికీ డాక్సీసైక్లినే కాబట్టి ఆ పూట చికిత్స మారదు, పేరు మాత్రం ఐజీఎం ఎలైసా వచ్చేదాకా "చాలావరకు స్క్రబ్ టైఫస్" గానే ఉండాలి. ఎలైసా పాజిటివ్ అని వచ్చింది 10వ రోజు సాయంత్రం. దాన్ని ఆలోచన గదిలో ఎక్కడా ఆధారంగా వాడకూడదు, ఎందుకంటే నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. దాని చోటు చివర్లో, "తర్వాత తెలిసినవి" అనే గడిలో.

నాలుగో గదికి వస్తే లారెన్స్ వీడ్ పేరు తలచుకోవాలి. 1968లో ఆయన న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో అడిగింది ఒకటే. డాక్టరు రాసే ప్రతి ఆర్డరూ ఏ సమస్య కోసమో చెప్పాలి. ఇవాళ మన వార్డుల్లో వాడే సోప్ నోట్సు ఆయన పద్ధతిలోంచి వచ్చినవే. మన విద్యార్థుల ప్లానులు తరచూ మందుల చీటీల్లా ఉంటాయి. డాక్సీ, పారాసిటమాల్, ఐవీ ఫ్లూయిడ్స్ అని ఉంటుంది. ఏ మందు ఎందుకో, ఎప్పుడు చూసుకోవాలో, పనిచేయకపోతే ఏమిటో ఉండదు. ఈ కేసులో ఆయాసం ఉంది కాబట్టి ఇది తీవ్రమైన స్క్రబ్ టైఫస్. 2023లో వచ్చిన భారతీయ ఆసుపత్రుల అధ్యయనంలో దాదాపు 800 మంది తీవ్ర రోగులను చూశారు. రక్తనాళం ద్వారా డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 47 శాతానికి, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 48 శాతానికి మరణమో, వారానికీ తగ్గని ఇబ్బందులో, ఐదో రోజుకూ దిగని జ్వరమో ఎదురైంది. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో అది 33 శాతం. మరణాలను మాత్రమే విడిగా చూస్తే తేడా తేలలేదు. ఈ హద్దు కూడా ప్లాను పక్కన ఉంటేనే చదివేవాడు మోసపోడు.

ఇంతా చేస్తే కాగితం మీద మిగిలేది ఇదీ.

హిస్టరీ. 42 ఏళ్ల మహిళ, పొలం పని. జ్వరానికి సుమారు 12 రోజుల ముందు కొండ అంచు చేలో పొదలు కొట్టింది. 1వ రోజు నుంచి చలి జ్వరం, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం. 4వ రోజు ఆర్ఎంపీ వైద్యం, మందు పేరు తెలియదు. 5–7 రోజులు సెఫ్‌ట్రియాక్సోన్, మార్పు లేదు. 8వ రోజు ఆయాసం. కామెర్లు, రక్తస్రావం లేవు. దద్దుర్లు: చెప్పలేదు. చివరి నెలసరి: చెప్పలేదు.

కనబడినవి. 8వ రోజు రాత్రి: 102.8 డిగ్రీల జ్వరం, నాడి 118, బీపీ 100/60, శ్వాస నిమిషానికి 30, ఆక్సిజన్ లేకుండా 90 శాతం. మెడ బిగుసుకోలేదు. రెండు ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దం. ప్లేట్‌లెట్లు 68 వేలు, తెల్లకణాలు 12,400, కాలేయం ఎంజైములు మూడు రెట్లు, ఎక్స్‌రేలో రెండు పక్కలా నెమ్ము. మలేరియా స్మియర్ ఒకసారి నెగటివ్. ఎన్ఎస్1 నెగటివ్ (5వ రోజు). 9వ రోజు ఉదయం: ఎడమ రొమ్ము కింద 1 సెం.మీ. నల్ల పెచ్చు, నొప్పి లేదు. ఎడమ చంకలో బిళ్ల.

ఆలోచన. రాత్రి: న్యుమోనియా, డెంగీ అనుకున్నారు, స్క్రబ్ టైఫస్ రాయలేదు. ఉదయం: పెచ్చు, పొలం పని, పన్నెండు రోజుల వ్యవధి, సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగకపోవడం కలిపి చూస్తే చాలావరకు తీవ్రమైన స్క్రబ్ టైఫస్. సరిపడనిది: ఏదీ లేదు. ఇంకా తేలనిది: లెప్టో, డెంగీ ఐజీఎం.

ప్లాన్. జబ్బుకు: డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకొకసారి, రెండూ రక్తనాళం ద్వారా 7 రోజులు. ముందు నెలసరి అడగాలి. ఆయాసానికి: ఆక్సిజన్, 92–96 మధ్య ఉంచాలి, అంతకు తగ్గినా, శ్వాస 30 దాటినా ఐసీయూకు చెప్పాలి, సెలైన్ చూసి ఎక్కించాలి. ప్లేట్‌లెట్లకు: రక్తస్రావం లేదు, ఎక్కించనక్కర్లేదు, రోజూ చూడాలి. 48 గంటల్లో జ్వరం దిగకపోతే మొత్తం మళ్లీ ఆలోచించాలి.

తర్వాత తెలిసినవి. 36 గంటల్లో జ్వరం దిగింది. స్క్రబ్ ఐజీఎం పాజిటివ్ (10వ రోజు).

ప్లానులో "48 గంటలు" అన్న మాటకు విలువెక్కువ. సరైన మందు పడితే స్క్రబ్ టైఫస్ జ్వరం చాలామందిలో రెండు రోజుల్లో దిగిపోతుంది. దిగకపోతే జబ్బు వేరే అయినా అయి ఉండాలి, తోడుగా ఇంకొకటైనా ఉండాలి. ఈ గడువు ముందే రాసి ఉంచకపోతే మూడో రోజు, నాలుగో రోజు కూడా "చూద్దాం" అనుకుంటూ గడిచిపోతాయి.

రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రెండు పనులు చేయొచ్చు. ఆలోచన గదిలోని ప్రతి ఆధారం మీదా వేలు పెట్టి అది మొదటి రెండు గదుల్లో ఎక్కడుందో వెతకాలి. దొరకకపోతే పుస్తకంలోంచి కారిందన్నమాట. తర్వాత, ఆ క్లాసుకు రాని స్నేహితుడికి మొదటి రెండు గదులే, అదీ 8వ రోజు రాత్రి దాకా మాత్రమే చూపించి "ఇప్పుడేం చేస్తావు?" అని అడగాలి. అతను డాక్సీ మొదలుపెడతానన్నా, డెంగీ అన్నా నష్టం లేదు. "ఇందులో ఏం లేదు, ఎలా చెప్పను?" అంటే మాత్రం హిస్టరీ మళ్లీ రాయాలి. ఇక పేరు, ఐపీ నంబరు, ఊరు, మొహం కనబడే ఫొటో సారాంశంలోకి రాకూడదు. "కొండ అంచు గ్రామం" చాలు. ఊరి పేరు లేకపోవడం వల్ల ఆలోచనలో తగ్గేదేమీ లేదు.

ఇదంతా విద్యార్థుల గొడవ అనుకోనక్కర్లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ కూడా ఈ నాలుగు గదులదే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచే ఆ కాగితంలో మూడో గది చాలాసార్లు ఉండదు. రోగ నిర్ధారణ అని ఒక పేరు, కింద మందులు, అంతే. ఈ కేసులో దాని ఫలితం వచ్చే ఏడాది తేలుతుంది. స్క్రబ్ ఐజీఎం రక్తంలో నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా పాజిటివ్‌గా మిగిలిపోవచ్చు. మళ్లీ వానల కాలంలో ఆమెకు టైఫాయిడో డెంగీయో వచ్చి, టౌన్లో ల్యాబువాళ్లు స్క్రబ్ పరీక్ష పాజిటివ్ అంటే, అది కొత్త జబ్బా పాత జాడా అని చెప్పగలిగేది ఒక్కటే: పోయినసారి జ్వరం ఏ తేదీన మొదలైంది, పరీక్ష ఏ తేదీన చేశారు అన్న రెండు ముక్కలు. డిశ్చార్జి కాగితంలో అవి లేకపోతే ఇంటికెళ్లే ముందే సిస్టర్‌గారిని అడిగి రాయించుకోవాలి.